గ్రేడ్ కాలమ్ చేర్చగానే మాయమయ్యే తేడా

పే ఈక్విటీ ఆడిట్ రిపోర్టుల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "అనుభవం, గ్రేడ్ లెక్కలోకి తీసుకున్నాక ఆడ, మగ ఉద్యోగుల జీతాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు." మేనేజ్‌మెంట్ ఊపిరి పీల్చుకుంటుంది, ఫైలు మూతపడుతుంది. ఆ వాక్యంలోని అంకెలో తప్పేమీ ఉండకపోవచ్చు. అయితే ఆ గ్రేడ్ ఎవరికి ఏ లెక్కన ఇచ్చారన్న ప్రశ్న అడగకుండా దాన్ని మోడల్‌లో పెడితే, తేడాను బయటపెట్టాల్సిన లెక్కే దాన్ని కప్పిపెడుతుంది. హెచ్ఆర్ అనలిస్టు చేతిలో ఉన్న అతి పెద్ద నిర్ణయం ఇదే: ఏ కాలమ్‌ను మోడల్‌లోకి రానివ్వాలి, ఏ కాలమ్‌ను ముందు నిలబెట్టి ప్రశ్నించాలి.

లెక్క కళ్లకు కట్టడానికి ఒక కంపెనీని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ, మొత్తం 412 మంది ఉద్యోగులు, అందులో 268 మంది మగవాళ్లు, 144 మంది ఆడవాళ్లు. కింద వచ్చే ఈ సంస్థ అంకెలన్నీ ఉదాహరణ కోసం కల్పించుకున్నవి. వాటి వెనకున్న తీరు మాత్రం పేరోల్ ఫైళ్లతో పనిచేసేవాళ్లకు పరిచయమైనదే.

మొదటి పోలిక ఎవరైనా చేయగలిగినదే. ఆడవాళ్ల సగటు జీతం మగవాళ్ల కంటే 17 శాతం తక్కువ. ఇలాంటి నేరు పోలికకు తన విలువ తనకుంది. బ్రిటన్‌లో 250 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు 2017 నుంచి ప్రకటిస్తున్నది ఇలాంటి అంకెనే. మన దేశంలో పెద్ద లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధనల ప్రకారం ఇచ్చే సుస్థిరత నివేదికలో మొత్తం వేతనాల్లో మహిళలకు చెల్లించిన వాటా ఎంతో చెప్పాలి, అదీ ఈ కోవలోదే. పై స్థాయిల్లో ఆడవాళ్లు ఎంత తక్కువ ఉన్నారో ఈ అంకె చెబుతుంది. ఒకే రకం పనికి ఒకే జీతం అందుతోందా అన్నది చెప్పదు. చట్టం అడిగేది ఆ రెండోదాన్నే. 1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలోకి వచ్చిన వేతన కోడ్, 2019 (ఇది 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది) "అదే పని లేదా అదే స్వభావం గల పని" అంటుంది. అలాంటి పని అంటే ఏమిటో తేల్చడానికి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత అనే నాలుగింటిని కొలమానంగా పెడుతుంది. రిగ్రెషన్ చేసే పని కూడా అదే. ఈ నాలుగింటినీ కాలమ్‌లుగా మార్చి, అవన్నీ సమానంగా ఉన్న ఇద్దరి మధ్య ఇంకా ఎంత తేడా మిగిలిందో లెక్కగడుతుంది.

ఏ జీతాన్ని పోల్చాలి

రిగ్రెషన్ సమీకరణానికి ఎడమ పక్కన ఏ జీతం పెట్టాలన్నది మొదటి ప్రశ్న. బేసిక్ ఒక్కటే పోలిస్తే చాలదు. కంపెనీలు సీటీసీని ముక్కలుగా కోసే పద్ధతి గ్రేడును బట్టి మారుతుంది కాబట్టి బేసిక్ సమానంగా ఉండి అలవెన్సుల్లో తేడా దాక్కోవచ్చు. వేతన కోడ్ కూడా సాధారణంగా వేతనం నిర్వచనంలోంచి తీసేసే ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఓవర్‌టైమ్ లాంటివాటిని సమాన వేతనం ప్రశ్న వచ్చేసరికి మళ్లీ లెక్కలోకి తెస్తుంది. అందుకని సంవత్సరానికి చెల్లించే ఫిక్స్‌డ్ జీతం మొత్తాన్ని ఒక మోడల్‌గానూ, వేరియబుల్ పే, జాయినింగ్ బోనస్, షేర్ల కేటాయింపులను వేరే మోడళ్లుగానూ నడపడం మంచిది. అన్నీ కలిపి ఒకే అంకె చేస్తే తేడా ఎక్కడ పుట్టిందో తెలియదు. జాయినింగ్ బోనస్ బేరమాడిన రోజున పుడుతుంది, వేరియబుల్ పే రేటింగ్ ఇచ్చిన రోజున పుడుతుంది. రెండింటికీ మందు వేరు. ఈ వ్యాసం ఫిక్స్‌డ్ జీతం దగ్గరే ఉంటుంది.

జీతాన్ని నేరుగా కాకుండా దాని లాగరిథమ్‌గా తీసుకుంటారు. కారణం సులువైనదే. 6 లక్షల దగ్గర లక్ష తేడా చాలా పెద్దది, 40 లక్షల దగ్గర అంతగా కాదు. ఇంక్రిమెంట్లు శాతాల్లో వస్తాయి, తేడాలూ శాతాల్లోనే పెరుగుతాయి. లాగ్ తీసుకుంటే కోఎఫిషియంట్ దాదాపు శాతంగా చదవొచ్చు. కచ్చితంగా కావాలంటే `exp(b) - 1` చేయాలి. ఆడవాళ్లకు 1, మగవాళ్లకు 0 వేసిన `female` కాలమ్‌కు −0.186 వచ్చిందంటే తేడా 17.0 శాతం. ఇంతకుముందు చెప్పిన 17 శాతం ఇలా వచ్చిందే.

మెట్టు మెట్టుగా మోడళ్లు

అన్ని కాలమ్‌లూ ఒకేసారి కుమ్మరించి ఒకే ఫలితం చూడటం చాలామంది చేసే పొరపాటు. ఒక్కో మెట్టు చేరుస్తూ `female` కోఎఫిషియంట్ ఎలా కదులుతోందో చూడాలి. నిజానికి ఆడిట్‌లో కనుక్కోవాల్సిన విషయం చివరి అంకె కంటే ఆ కదలికలోనే ఎక్కువ ఉంటుంది.

```python
import numpy as np
import pandas as pd
import statsmodels.formula.api as smf

df["lpay"] = np.log(df["fixed_pay"])
base = "lpay ~ female + exper + I(exper**2) + tenure + C(edu)"
m2 = smf.ols(base, data=df).fit(cov_type="HC3")
m3 = smf.ols(base + " + C(family)", data=df).fit(cov_type="HC3")
m4 = smf.ols(base + " + C(family) + C(grade)", data=df).fit(cov_type="HC3")
for m in (m2, m3, m4):
    print(m.params["female"], m.bse["female"])
```

మన సంస్థలో మొత్తం అనుభవం, ఈ కంపెనీలో గడిపిన ఏళ్లు, చదువు చేర్చగానే 17 శాతం తేడా 10.3 శాతానికి దిగింది. ఆడ ఉద్యోగుల్లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది ఊహించదగ్గదే. `family` అంటే పని కుటుంబం: డెవలప్‌మెంట్, టెస్టింగ్, సపోర్ట్, డేటా, సేల్స్ లాంటివి. అది చేర్చాక 7.8 శాతం. తర్వాత గ్రేడ్ చేర్చారు. తేడా ఒక్కసారిగా 3.1 శాతానికి పడిపోయింది. కోఎఫిషియంట్ −0.032, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.011. అంటే దాదాపు 2.9 రెట్లు. అమెరికా సుప్రీంకోర్టు 1977లో హేజల్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో చెప్పిన "రెండు లేదా మూడు స్టాండర్డ్ డీవియేషన్లు" అనే గీతను నేటికీ ఈ రంగంలో విస్తృతంగా వాడుతున్నారు. ఆ గీత ప్రకారం ఈ 3.1 శాతం కాకతాళీయం అని కొట్టిపారేయడానికి లేదు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గ్రేడ్‌ను `C(grade)` అని కేటగిరీగా రాశారు, 1, 2, 3 అనే అంకెగా కాదు. అంకెగా వదిలేస్తే ఒకటో గ్రేడు నుంచి రెండుకూ, నాలుగు నుంచి ఐదుకూ జీతం ఒకే శాతంలో పెరుగుతుందని మోడల్‌కు చెప్పినట్టవుతుంది. చాలా కంపెనీల బ్యాండ్లు అలా ఉండవు. రెండోది `exper` కాలమ్. చాలా సిస్టమ్‌లలో అనుభవం అనే ఫీల్డు ఉండదు, పుట్టిన తేదీ నుంచీ చదువు పూర్తయిన ఏడాది నుంచీ లెక్కకట్టిన ఏళ్లే ఉంటాయి. పిల్లల కోసం మధ్యలో రెండేళ్లు ఆగినవాళ్లకు కూడా ఆ రెండేళ్లు అనుభవంగా లెక్కకొస్తాయి. దాంతో తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది, "మీ లెక్కే తప్పు" అని ఎవరైనా సులువుగా కొట్టేస్తారు. రెజ్యూమేల నుంచి అసలు పనిచేసిన ఏళ్లను తీసి నింపడం విసుగు పుట్టించే పనే, 412 ఫైళ్లు తిరగేయాలి. అయినా అక్కడ పెట్టిన వారం రోజులు తర్వాత నెల రోజుల వాదనను ఆదా చేస్తాయి.

ఇదే మెట్టు దగ్గర నిజంగా న్యాయమైన కారణం ఒకటి మోడల్‌లో లేకుండా పోయిందేమో కూడా చూడాలి. సంస్థకు విశాఖపట్నంలో ఇంకో సెంటర్ ఉండి, అక్కడ అందరి బ్యాండ్లూ కాస్త తక్కువగా ఉండి, ఆడ ఉద్యోగులు అక్కడ ఎక్కువ ఉంటే, ఊరి కాలమ్ లేని మోడల్ ఊళ్ల మధ్య తేడాను ఆడామగా తేడాగా చూపిస్తుంది. వివరణ దొరకని తేడా అంటే వివక్ష అని వెంటనే అర్థం కాదు. మోడల్‌లో ఉన్న కారణాలతో వివరించలేకపోయిన తేడా అని మాత్రమే అర్థం. అలాగని ఏదో ఒక కాలమ్ లేదన్న సాకుతో మొత్తం లెక్కను పారేయడానికీ కుదరదు. నార్త్ కరొలినా వ్యవసాయ విస్తరణ సేవల విభాగం మీద వచ్చిన బేజ్‌మోర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1986లో తేల్చింది ఇదే. అక్కడి రిగ్రెషన్ ప్రకారం ఉద్యోగ హోదా, చదువు, సర్వీసు సమానంగా ఉన్నా నల్లజాతి ఉద్యోగులకు 1974లో ఏడాదికి సగటున 331 డాలర్లు తక్కువ అందుతున్నాయి. కింది కోర్టు కొన్ని కారణాలు మోడల్‌లో లేవని దాన్ని పక్కన పెట్టింది. ముఖ్యమైన కారణాలు ఉంటే చాలు, ఏదో ఒకటి లేకపోతే సాధారణంగా ఆ సాక్ష్యం బరువు తగ్గుతుందే గానీ అది పనికిరాకుండా పోదని పై కోర్టు చెప్పింది. అనలిస్టుకు దీని అర్థం ఏమిటంటే, "ఇంకో కారణం ఉండొచ్చు" అన్నవాళ్లను ఆ కారణం ఏమిటో చెప్పమనాలి, డేటా తీసుకుని దాన్ని మోడల్‌లో పెట్టి చూపించాలి.

7.8 నుంచి 3.1కి: గ్రేడ్ ఎలా వచ్చింది

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. గ్రేడ్ చేర్చగానే 4.7 పాయింట్ల తేడా మాయమైంది. "ఆడవాళ్లు కింది గ్రేడుల్లో ఉన్నారు, అందుకే జీతం తక్కువ" అని అది చెబుతోంది. గ్రేడ్ అనేది బాధ్యతకు నిజమైన కొలత అయితే ఇది న్యాయమైన వివరణే. కానీ గ్రేడ్ ఇచ్చేది కూడా కంపెనీయే. జీతం నిర్ణయించే చేయే గ్రేడూ నిర్ణయిస్తే, ఒకే మొగ్గు రెండు చోట్లా ఉండే అవకాశం ఉంది. ఈ రంగంలో దీన్ని కలుషితమైన వేరియబుల్ అంటారు. దాన్ని మోడల్‌లోంచి తీసేయాలా, ఉంచాలా అని ముందే తేల్చుకోనక్కర్లేదు. గ్రేడునే ఇంకో లెక్కకు ఎడమ పక్కన పెట్టి చూడాలి.

మన సంస్థలో 4 నుంచి 7 ఏళ్ల అనుభవంతో బయటి నుంచి డెవలప్‌మెంట్‌లో చేరినవాళ్లను మాత్రమే విడిగా తీశారు. వీళ్లకు రెండో గ్రేడ్ ఇవ్వొచ్చు, మూడో గ్రేడ్ ఇవ్వొచ్చు. 52 మంది మగవాళ్లలో 31 మందికి చేరిన రోజే మూడో గ్రేడ్ వచ్చింది. 30 మంది ఆడవాళ్లలో 9 మందికే వచ్చింది. 60 శాతం ఒకవైపు, 30 శాతం ఇంకోవైపు. రెండు నిష్పత్తుల మధ్య తేడాను పరీక్షిస్తే దాదాపు 2.6 స్టాండర్డ్ డీవియేషన్లు. అనుభవం, చదువు కలిపి లాజిస్టిక్ రిగ్రెషన్ చేసినా ఈ తేడా పోలేదనుకుందాం. ఇక గ్రేడును నిర్మలమైన కారణంగా నమ్మి 3.1 శాతాన్నే ఆఖరి మాటగా రాయడం కుదరదు.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే ఆఫర్ లెటర్ల వెనకున్న అప్రూవల్ షీట్లు చూడాలి. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రిక్రూటర్ మొదట అడిగే మూడు ప్రశ్నలు అందరికీ తెలిసినవే: కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు. తర్వాత చివరి మూడు నెలల పేస్లిప్‌లు పంపమంటారు. పాత జీతం మీద ఇంత శాతం హైక్ అని లెక్కవేసి ఆఫర్ తయారుచేస్తారు. ఇక్కడే గ్రేడ్ మారిపోతుంది. ఒకతని పాత సీటీసీ 12 లక్షలు, 30 శాతం హైక్ వేస్తే 15.6 లక్షలు. రెండో గ్రేడ్ బ్యాండ్ పైమెట్టు 15 లక్షలు. అంకె బ్యాండ్‌లో పట్టదు కాబట్టి అతన్ని మూడో గ్రేడ్‌లో చూపిస్తారు. అదే అనుభవం, అదే ఇంటర్వ్యూ స్కోరు ఉన్న ఇంకొకామె పాత సీటీసీ 9.9 లక్షలు. అదే 30 శాతంతో 12.9 లక్షలు దాకా వస్తుంది, రెండో గ్రేడ్‌లో హాయిగా సరిపోతుంది. ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు. ఇద్దరికీ ఒకే రూల్ వర్తింపజేశారు. అయినా పాత కంపెనీలోని తేడా ఈ కంపెనీలోకి నడిచి వచ్చి, గ్రేడ్ అనే పేరు పెట్టుకుంది. ఆ పేరుతో మోడల్‌లో న్యాయమైన కారణంగా కూర్చుంది.

పాత జీతాన్ని కారణంగా చూపడం చెల్లదని చెప్పిన కేసు ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీలో గణిత సలహాదారుగా చేరిన ఐలీన్ రిజో జీతాన్ని ఆమె పాత జీతానికి 5 శాతం కలిపే రూల్ ప్రకారం నిర్ణయించారు. తర్వాత చేరిన మగ సహోద్యోగి తనకంటే పై మెట్టులో మొదలయ్యాడని ఆమెకు తెలిసింది. తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు విస్తృత ధర్మాసనం 2020లో ఇచ్చిన తీర్పులో, ఒకే పనికి తక్కువ జీతం ఇచ్చినప్పుడు పాత జీతాన్ని సమర్థనగా చూపడం కుదరదంది. మసాచుసెట్స్‌లో 2018 జులై నుంచి ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగడాన్నే నిషేధించారు. యూరోపియన్ యూనియన్ 2023 వేతన పారదర్శకత డైరెక్టివ్ కూడా అభ్యర్థిని పాత జీతం అడగకూడదంటుంది. మన వేతన కోడ్‌లో అలాంటి నిషేధం లేదు. అయినా కోడ్ చెప్పిన నాలుగు కొలమానాల్లో పాత పేస్లిప్ లేదన్న సంగతి అనలిస్టు మరిచిపోకూడదు. పాత జీతం కాలమ్ హెచ్ఆర్ సిస్టమ్‌లో సిద్ధంగా ఉంటుంది, మోడల్‌లో పెడితే వివరణ శక్తి అమాంతం పెరుగుతుంది, తేడా ఇంకా తగ్గుతుంది. ఆ ప్రలోభానికి లొంగకూడదు. ఆ కాలమ్ తేడాకు న్యాయమైన కారణాన్ని చూపదు, తేడా ఏ దారిలో వచ్చిందో చూపుతుంది.

కాబట్టి రిపోర్టులో రెండు అంకెలూ ఉండాలి. ఒకే గ్రేడ్‌లో ఉన్నవాళ్ల మధ్య 3.1 శాతం, ఒకే అనుభవంతో ఒకే పని కుటుంబంలో ఉన్నవాళ్ల మధ్య 7.8 శాతం. మధ్యలోని 4.7 పాయింట్లలో చేరినప్పటి గ్రేడ్ వల్ల ఎంత, తర్వాత ప్రమోషన్ల వల్ల ఎంత అన్నది విడదీయాలంటే `C(grade)` బదులు చేరిన రోజు గ్రేడును ఒకసారి పెట్టి చూస్తే చాలు. ఈ సంస్థలో చేరిన రోజు గ్రేడ్ పెట్టగానే తేడా 3.9 శాతానికి వచ్చిందనుకుంటే, ప్రమోషన్ల వాటా చిన్నదే. జబ్బు గేటు దగ్గరే ఉందని తేలుతుంది.

రేటింగ్ కాలమ్ సంగతి

అప్రైజల్ రేటింగ్ చేరిస్తే 3.1 శాతం 2.4కి దిగింది. గ్రేడ్ విషయంలో అడిగిన ప్రశ్నే దీన్నీ అడగాలి. రేటింగ్ పనితీరును కొలిచిందా, పనికి హాజరును కొలిచిందా? 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు. అప్రైజల్ ఏడాదిలో సరిగ్గా సగం. మిగిలిన సగంలో ఎంత బాగా పనిచేసినా, "ఆరు నెలలే ఉంది కదా, మధ్యలో పెట్టేద్దాం" అని మేనేజర్ 3 వేసేస్తాడు. మన సంస్థలో గత రెండు అప్రైజల్ సైకిళ్లలో ప్రసూతి సెలవు తీసుకున్న 17 మందిలో 13 మందికి సెలవు ఏడాదిలో 3 వచ్చింది. ఆ 13 మందిలో 10 మందికి అంతకుముందు ఏడాది 4 ఉంది. ఇది కనిపించిన తర్వాత రేటింగ్‌ను ఉన్నదున్నట్టు మోడల్‌లో వాడటం సరికాదు. సెలవు ఏడాది రేటింగ్ బదులు ముందు ఏడాదిది పెట్టి మళ్లీ నడపాలి. అలా చేసినప్పుడు తేడా తిరిగి 3 శాతం దగ్గరికి వస్తే, రేటింగ్ వివరించినట్టు కనిపించిన ఆ 0.7 పాయింట్లు ప్రసూతి సెలవుకు పడిన జరిమానా. ఈ అంకె చూడటానికి చిన్నదే. కానీ ఇంక్రిమెంట్ మీద ఇంక్రిమెంట్ పడే చోట, ఒక ఏడాది కోల్పోయిన శాతం రిటైరయ్యేదాకా వెంట వస్తుంది.

మరీ సన్నగా తరిగితే

ఆడిట్ సమావేశాల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "గ్రేడ్ చాలదు, డిజిగ్నేషన్ పెట్టండి, మేనేజర్ పెట్టండి, ప్రాజెక్టు పెట్టండి." వినడానికి ఇది ఇంకా నిక్కచ్చిగా అనిపిస్తుంది. అయితే 412 మందికి 190 డిజిగ్నేషన్లు ఉన్న సంస్థలో `C(designation)` పెడితే ఏమవుతుందో చూడండి. ఒక్కరే ఉన్న డిజిగ్నేషన్‌లో ఆ మనిషి జీతాన్ని ఆ డిజిగ్నేషనే పూర్తిగా మింగేస్తుంది. అందరూ మగవాళ్లే లేదా అందరూ ఆడవాళ్లే ఉన్న డిజిగ్నేషన్ల నుంచి కూడా ఆడామగా పోలికకు ఏమీ రాదు. చివరికి పోలిక ఏ 60, 70 మంది మీదో నిలబడుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ ఉబ్బిపోతుంది, "తేడా కనిపించలేదు" అని వస్తుంది. దీన్ని పసిగట్టడం తేలికే. పైన కోడ్‌లో వాడిన `HC3` ఎర్రర్లు ఒంటరి మనుషులున్న గడులు ఉంటే లెక్క కుదరక `nan`, `inf` లేదా అర్థంలేని అంకెలు చూపించవచ్చు. అది సాఫ్ట్‌వేర్ గొడవ అనుకుని `HC1`కి మార్చి ముందుకెళ్లిపోకూడదు. మోడల్‌లో గడులు ఖాళీ అయిపోయాయని అది చేస్తున్న హెచ్చరిక. `pd.crosstab(df.designation, df.female)` ఒక్కసారి నడిపితే, రెండు వైపులా మనుషులున్న వరుసలు ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది.

పేర్లు వేరైనంత మాత్రాన పని వేరు కాదన్నది మన సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. మెకినన్ మెకంజీ కంపెనీపై ఆడ్రీ డి'కోస్టా వేసిన కేసులో "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు" అనే పేరు కింద ఆడవాళ్లకు మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇచ్చేవారు. ఇద్దరూ చేసేది అదే స్వభావం గల పనే అని కోర్టు తేల్చింది. ఆ కంపెనీ డేటాతో డిజిగ్నేషన్ కాలమ్ పెట్టి రిగ్రెషన్ చేసి ఉంటే, ఆ తేడాలో ఒక్క పైసా కనిపించేది కాదు.

గుంపులుగా విడగొట్టి చూసేటప్పుడూ ఇలాంటి చిక్కే వస్తుంది. 412 మందిని 12 పని గుంపులు చేస్తే ఒక్కోదాంట్లో సగటున 22 మంది మగవాళ్లు, 12 మంది ఆడవాళ్లు. ఈ సంస్థలో గ్రేడ్ వగైరా పోగా మిగిలే హెచ్చుతగ్గుల స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 0.097. ఇంత చిన్న గుంపులో `female` స్టాండర్డ్ ఎర్రర్ 0.035 దగ్గర ఉంటుంది. అంటే నిజంగా 5 శాతం తేడా ఉన్నా అది 1.5 రెట్ల దగ్గరే ఆగిపోయి, "ప్రాముఖ్యం లేదు" అనే ముద్ర వేయించుకుంటుంది. పన్నెండు గుంపులకు పన్నెండు సార్లు "ప్రాముఖ్యం లేదు" అని రాసేసి పచ్చ రంగు పూసిన డ్యాష్‌బోర్డు చూస్తే టెన్షన్ తగ్గుతుంది గానీ నిజం తెలియదు. గుర్తులు చూడాలి. 12 గుంపుల్లో 10 చోట్ల ఆడవాళ్లవైపే లోటు ఉందనుకుందాం. ఏ మొగ్గూ లేకపోతే ఆడవాళ్లవైపు 10 లేదా అంతకుమించి చోట్ల లోటు పడే అవకాశం 4096లో 79, అంటే దాదాపు 2 శాతం. విడివిడిగా ఏమీ చెప్పలేని గుంపులు కలిపి చూస్తే గట్టిగానే మాట్లాడుతున్నాయి.

ఇక ఎంత తేడా ఉంటే పట్టించుకోవాలి? యూరప్ డైరెక్టివ్ ఒక కేటగిరీలో 5 శాతం తేడా ఉండి, దానికి న్యాయమైన కారణం చూపలేక, ఆరు నెలల్లో సరిదిద్దకపోతే కార్మిక ప్రతినిధులతో కలిసి వేతన మదింపు చేయాలంటుంది. హైదరాబాద్‌లో ఉంటూ యూరప్ మాతృసంస్థల పేరోల్ విశ్లేషణ చేసే బృందాలకు ఈ 5 శాతం ఇప్పుడు రోజువారీ మాటే. అయితే 5 శాతం అనేది బాధ్యత మొదలయ్యే గీత. దానికి కిందున్నదంతా న్యాయమేనని ఆ డైరెక్టివ్ ఎక్కడా అనలేదు. 4.8 శాతం అని తేలగానే కాలమ్‌లు అటూ ఇటూ మార్చడం ఆపేసే బృందం, గీతను చూసి మోడల్‌ను ఎంచుకున్నట్టే. అందుకే ఏ కాలమ్‌లు వాడతామో, ఏవి ప్రశ్నిస్తామో జీతం డేటా తెరవకముందే కాగితం మీద రాసి తేదీ వేసుకోవడం మంచి పద్ధతి.

సరిదిద్దే లెక్క, ఒక వరుస దగ్గర

సగటు తేడా 3.1 శాతం అని తేలగానే ఆడ ఉద్యోగులందరికీ 3.1 శాతం పెంచేద్దామనే ఆలోచన వస్తుంది. ఇది ఎవరికీ న్యాయం చేయదు. ఇప్పటికే సరిగ్గా అందుతున్నవాళ్లకు అనవసరంగా పెరుగుతుంది, నిజంగా 13 శాతం వెనకబడిన మనిషికి 3 శాతమే దక్కుతుంది. పైగా లింగం చూసి జీతం పెంచినట్టవుతుంది, అది చట్టం దృష్టిలో ఇంకో చిక్కు. చేయాల్సింది ఒక్కొక్కరి రెసిడ్యువల్ చూడటం: మగ ఉద్యోగుల జీతాల మీదే అమర్చిన మోడల్ ఆ అనుభవం, చదువు, గ్రేడ్ ఉన్న మనిషికి ఎంత రావాలంటోంది, ఎంత వస్తోంది. బాగా కిందున్న ప్రతి ఫైలునూ, ఆడదైనా మగదైనా, తెరిచి చదవాలి.

పైన 12.9 లక్షల ఆఫర్ తీసుకున్నామె గుర్తుందా? గత ఏడాది చేరింది, ఇంకా ఇంక్రిమెంట్ సైకిల్ రాలేదు. రెండో గ్రేడ్, 6 ఏళ్ల అనుభవం. మోడల్ చెప్పిన జీతం 14.8 లక్షలు. లోటు 12.8 శాతం, అంటే సాధారణ హెచ్చుతగ్గుల కంటే సుమారు 1.4 రెట్లు కింద. ఈ లెక్క ప్రకారం ఆమెకు 1.9 లక్షలు పెంచితే ఆమె వరుస పచ్చబడుతుంది.

ఫైలు తెరిస్తే ఇంటర్వ్యూ స్కోరు, మూడో గ్రేడ్‌లో చేరిన మగ సహోద్యోగి స్కోరు ఒకటే. ఇద్దరూ ఒకే మాడ్యూల్ మీద పనిచేస్తున్నారు, కోడ్ రివ్యూ బాధ్యత ఇద్దరికీ ఉంది. అంటే ఆమె గ్రేడే తప్పు. మూడో గ్రేడ్ వేసి మోడల్‌ను అడిగితే 17.6 లక్షలు అంటుంది. లోటు 1.9 కాదు, 4.7 లక్షలు.

గ్రేడ్ లోపలి రెసిడ్యువల్ ఒక్కటే చూసే ఆడిట్ ఈ మిగిలిన 2.8 లక్షలను ఎప్పటికీ చూడలేదు. అందుకే సవరణ జాబితా రెండు రకాలుగా తయారుచేయాలి. ఒకటి, గ్రేడ్ సరిగ్గానే ఉండి జీతం వెనకబడినవాళ్లది. రెండోది, చేసే పనికీ గ్రేడుకూ పొంతన లేనివాళ్లది. రెండో జాబితాను తేల్చేది రిగ్రెషన్ కాదు, పని వివరం తెలిసిన మనుషులు కూర్చుని ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి చదవడమే. ఎక్కడ చదవాలో వెతికిపెట్టేంతవరకే రిగ్రెషన్ పని.

సవరణ అయ్యాక మోడళ్లన్నీ మళ్లీ నడపాలి, 3.1 మాత్రమే కాకుండా 7.8 కూడా ఎంతకు దిగిందో చూడాలి. ఆఫర్ అప్రూవల్ షీట్‌లో "కరెంట్ సీటీసీ" గడి అలాగే ఉంటే, వచ్చే ఏడాది కొత్తగా చేరినవాళ్ల వరుసల్లో అదే లోటు మళ్లీ కనిపిస్తుంది. ఆ గడి తీసేసి, ఇంటర్వ్యూ స్కోరును బట్టి ముందు గ్రేడ్, గ్రేడును బట్టి తర్వాత జీతం అనే వరుస పెట్టిన సంస్థలో, ఆ తేదీ తర్వాత చేరినవాళ్లను మాత్రమే తీసుకుని గ్రేడ్ లెక్క మళ్లీ వేయొచ్చు. 60, 30 శాతాలు అప్పుడు ఎంతయ్యాయో ఆ లెక్కే చూపిస్తుంది.